"ఫారం ఎలాగూ ఉంది కదా, చిన్న పనే" అంటున్న క్లయింటు

ప్రశ్న: నేను సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తుంటాను. ఒక దంత వైద్యుడి క్లినిక్‌కు ఆరు పేజీల సైట్ చేయడానికి ఒప్పుకున్నాను. మొత్తం 60 గంటల పని అని లెక్కేసి ఒకే ధర చెప్పాను. అందులో 60 శాతం ముందే ఇచ్చారు, మిగతా 40 శాతం పని పూర్తయ్యాక ఇస్తామన్నారు. ఇంకో 10 గంటల పని మిగిలింది. రెండు వారాల్లో సైట్ మొదలవ్వాలి. మధ్యలో ఫొటో గ్యాలరీ కావాలంటే ఏమీ అనకుండా చేసిచ్చాను. మొన్న ఫోన్ చేసి, "పేషెంట్లు ఏ టైమ్ ఖాళీగా ఉందో చూసుకుని వాళ్లే బుక్ చేసుకునేలా పెట్టండి. ఫారం ఎలాగూ ఉంది కదా, చిన్న పనే" అన్నారు. నేను "చూద్దాం సార్" అన్నాను. ఆయన మంచి మనిషి. నాకు ఇద్దరు కొత్త క్లయింట్లను కూడా పంపారు. ఇంకో భయం కూడా ఉంది. నా కొటేషన్‌లో "అపాయింట్‌మెంట్ ఫారం" అని రాశాను. నా ఉద్దేశంలో అది పేరు, ఫోన్ నంబరు, సందేశం నింపే ఫారం మాత్రమే. కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు, చేస్తే నేను మునిగిపోతాను. ఆయనతో ఎలా చెప్పాలి?
– పేరు వద్దండి

సమాధానం: అన్నిటికన్నా ముందు ఆ "చూద్దాం సార్" సంగతి చూద్దాం. మీరు ఆలోచించుకోవడానికి ఆ మాట అన్నారు. డాక్టర్‌గారికి మాత్రం అది ఒప్పుకున్నట్టే వినిపించి ఉంటుంది. ఈ పాటికి రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు "వచ్చే నెల నుంచి ఆన్‌లైన్ బుకింగ్ వస్తుంది" అని చెప్పేసి ఉండొచ్చు కూడా. ఇంకో వారం ఆగి "కుదరదు" అంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నట్టు ఉంటుంది. అందుకే ఈ రోజే రెండు వాక్యాలు పంపండి: "సార్, మీరు అడిగిన బుకింగ్ గురించి చూస్తున్నాను. దానికి ఎంత పని పడుతుంది, ఏయే దారులున్నాయి అన్నది రేపు సాయంత్రానికి రాసి పంపిస్తాను." ఇందులో అవును లేదు, కాదు లేదు. కానీ విషయం ఇంకా తేలలేదని ఆయనకు తెలుస్తుంది. మీకు ఒక రోజు దొరుకుతుంది.

ఆ ఒక రోజులో చేయాల్సిన మొదటి పని మీ కొటేషన్‌ను డాక్టర్‌గారి కళ్లతో చదవడం. "అపాయింట్‌మెంట్ ఫారం" అని చదివిన మామూలు మనిషి ఏం అనుకుంటారు? పేషెంటు ఆ ఫారం నింపితే అపాయింట్‌మెంట్ కోసం అడిగినట్టు అవుతుందని అనుకుంటారు. ఆ ఆశ న్యాయమైనదే. పేరు, ఫోన్ నంబరు, సందేశం మాత్రమే ఉంటే అది సంప్రదింపు ఫారమే తప్ప అపాయింట్‌మెంట్ ఫారం కాదు. కాబట్టి ఆ ఫారంలో "మీకు ఏ తేదీ వీలవుతుంది", "ఉదయమా, సాయంత్రమా", "ఏ సమస్య కోసం వస్తున్నారు" అనే మూడు గడులు కలపడం మీరు బాకీ ఉన్న పనే అని నా అభిప్రాయం. రెండు మూడు గంటల్లో అయిపోతుంది. దానికి డబ్బు అడగకండి. ఉచితంగా చేస్తున్నట్టు కూడా చెప్పకండి. "ఇది మన ఒప్పందంలో ఉన్నదే" అని చెప్పి చేసివ్వండి.

ఇక ఖాళీ టైమ్ చూపించడం, పేషెంటే దాన్ని ఎంచుకోవడం, ఎంచుకోగానే అది ఇంకొకరికి దొరక్కుండా పోవడం ఉన్నాయి. "ఫారం" అనే మాటను ఎంత సాగదీసినా ఇవి అందులోకి రావు. ఫారం అంటే ఒక సందేశం పంపేది. బుకింగ్ అంటే క్లినిక్ డైరీని సైట్ చేతిలో పెట్టడం. ఈ గీత ఎక్కడ పడుతుందో మీకు స్పష్టంగా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఎందుకంటే ఇప్పుడు మీరు ఆయన అడిగినదంతా కాదనడం లేదు. అడిగినదాంట్లో మీరు ఇవ్వాల్సిన భాగాన్ని మనస్ఫూర్తిగా ఇస్తున్నారు, మిగతా భాగానికి ధర చెబుతున్నారు. కాదన్నా మంచితనం మిగిలేది ఇక్కడే. ఎంత మెత్తగా మాట్లాడినా, ఇవ్వాల్సినది కూడా బిగబట్టుకున్నారని అవతలి మనిషికి అనిపిస్తే మనసు విరుగుతుంది.

రెండో పని గంటల లెక్క. "చాలా పని సార్" అంటే ఆయన నమ్మాల్సిన అవసరం లేదు. కాగితం మీద చూపిస్తే నమ్ముతారు. మీరు చెప్పినలాంటి సైట్‌లో బుకింగ్‌ను మొదటి నుంచి కట్టాలంటే నేనైతే ఇలా వేస్తాను. ఖాళీ టైమ్‌లు చూపించి ఎంచుకోనిచ్చే పేజీకి 7 గంటలు. బుకింగ్‌లను దాచిపెట్టి, ఒకే టైమ్ ఇద్దరికి వెళ్లకుండా ఆపడానికి 5 గంటలు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు లాగిన్ అయి చూసుకునే పేజీకి 8 గంటలు. చాలామంది లెక్కలో మరిచిపోయేది దీన్నే. కానీ డాక్టర్‌గారు సెలవు పెడితే ఆ రోజు మూసేయాలి, ఫోన్‌లో వచ్చిన అపాయింట్‌మెంట్లనూ అందులోనే ఎక్కించాలి. లేకపోతే సైట్ ఒకటి చెబుతుంది, డైరీ ఇంకోటి చెబుతుంది. పేషెంటుకు వెళ్లే నిర్ధారణ సందేశాలకు 4 గంటలు, రద్దు చేసుకోవడానికీ టైమ్ మార్చుకోవడానికీ 4 గంటలు, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ టెస్టింగ్‌కు 5 గంటలు, క్లినిక్ వాళ్లకు నేర్పడానికి 2 గంటలు. మొత్తం 35. అనుకోనివి ఎప్పుడూ వస్తాయి కాబట్టి 20 శాతం కలిపితే 42 గంటలు.

మీ అసలు పని 60 గంటలు. అంటే "చిన్న పని" అసలు పనిలో 70 శాతం. మీ గంట ధర మారకపోతే దీని ధర కూడా మొదటి ధరలో 70 శాతం అవుతుంది. రోజుకు మీరు నాలుగు గంటలు ఈ సైట్‌కే కేటాయించగలరు అనుకుందాం. మిగిలిన 10 గంటలు, ఈ 42 గంటలు కలిపి 13 పనిదినాలు. సెలవులు, డాక్టర్‌గారు చూసి చెప్పడానికి పట్టే రోజులు కలపకుండానే రెండు వారాల గడువు దాటిపోతుంది. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, మీ సైట్ మీకే తెలుసు. కానీ ఈ లెక్క వేయకుండా మాత్రం ఆయనతో మాట్లాడకండి. లెక్క లేకుండా ఫోన్ ఎత్తితే, ఆయన "రెండు రోజులు పడుతుందా?" అనగానే మీ నోట్లోంచి "అంతే సార్" అని వచ్చేస్తుంది.

ఉచితంగా చేసేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం చదివితే మీ మనసు అటే లాగుతోందనిపించింది. 42 గంటలు పోవడం అందులో చిన్న నష్టమే. పెద్ద నష్టం సైట్ మొదలయ్యాక వస్తుంది. ఒక సాయంత్రం ఒకే టైమ్‌కు ఇద్దరు పేషెంట్లు వస్తారు, ఫోన్ మీకే వస్తుంది. సందేశాలు పంపే కంపెనీ నెలనెలా డబ్బు అడుగుతుంది, అది ఎవరు కట్టాలో ఎక్కడా రాసి ఉండదు. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, పంటి సమస్యలు మీరు కట్టిన చోట దాగి ఉంటాయి, వాటిని ఎవరు చూడొచ్చో, ఎంతకాలం ఉంచాలో ఎవరూ మాట్లాడుకుని ఉండరు. డబ్బు తీసుకుని చేసిన పనికి "ఇక్కడితో అయింది, ఇన్ని రోజులు లోపాలు సరిచేస్తాను" అని ఒక హద్దు రాస్తాం. ఉచితంగా చేసినదానికి ఎవరూ రాయరు. అందుకే అది ఎప్పటికీ పూర్తి కాదు. పూర్తి కాని పని సైట్‌లో ఉన్నంతకాలం "పని పూర్తయ్యాక" ఇస్తామన్న మీ 40 శాతం కూడా అక్కడే ఆగుతుంది. నన్ను అడిగితే, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం అదే. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఆయన ముందు పెట్టదగ్గ దారులు చూద్దాం. మూడింటికి మించి పెట్టకండి. ఎక్కువైతే ఆయన ఏదీ తేల్చుకోలేరు, మళ్లీ ఫోన్ చేసి "మీకేది మంచిదనిపిస్తే అది చేసేయండి" అంటారు.

మొదటిది, ఒప్పందంలో ఉన్నట్టే సైట్ అనుకున్న తేదీకి మొదలవుతుంది. అందులో తేదీ, పూట అడిగే ఫారం ఉంటుంది. పేషెంటు నింపగానే క్లినిక్‌కు మెయిల్ వస్తుంది, రిసెప్షన్ వాళ్లు ఫోన్ చేసి టైమ్ ఖాయం చేస్తారు. అదనపు ఖర్చు లేదు. డాక్టర్‌గారికి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఫోన్ చేసే పని మిగిలే ఉంటుంది, రాత్రి పదింటికి ఫారం నింపిన పేషెంటు పొద్దున దాకా ఆగాలి. కానీ దీనికో లాభం ఉంది, అది ఆయనకు చెప్పండి. రెండు నెలలు ఇలా నడిస్తే సైట్ నుంచి రోజుకు ఎన్ని అభ్యర్థనలు వస్తున్నాయో తెలుస్తుంది. రోజుకు రెండు వస్తే పెద్ద బుకింగ్ ఏర్పాటు అవసరం లేదు. పదిహేను వస్తే తప్పకుండా కావాలి. ఆ అంకె లేకుండా ఖర్చు పెట్టడం ఆయనకే మంచిది కాదు.

రెండోది, ఇప్పటికే తయారుగా ఉన్న ఏదైనా బుకింగ్ సర్వీసును సైట్‌కు తగిలించడం. ఇలాంటివి చాలా ఉన్నాయి. క్లినిక్ తన పేరు మీద ఖాతా తెరుస్తుంది, నెలవారీ రుసుము ఉంటే నేరుగా వాళ్లకే కడుతుంది. మీరు టైమ్‌లు అమర్చి, సైట్‌లో బటన్ పెట్టి, రిసెప్షన్ వాళ్లకు ఒకసారి చూపిస్తారు. మహా అయితే 6 నుంచి 8 గంటలు. దానికి మీ ధర చెబుతారు. ఇద్దరికి ఒకే టైమ్ వెళ్లడం, రద్దు చేసుకోవడం, గుర్తుచేసే సందేశాలు లాంటి తలనొప్పులన్నీ ఆ సర్వీసు చూసుకుంటుంది. ఇబ్బందులూ ఉన్నాయి. రూపం పూర్తిగా సైట్‌తో కలవకపోవచ్చు, తెలుగులో ఉండకపోవచ్చు, నెల ఖర్చు ఎప్పటికీ ఉంటుంది, పేషెంట్ల వివరాలు బయటివాళ్ల దగ్గర ఉంటాయి. ఈ ఆఖరిదాని గురించి వాళ్ల షరతులు చదివి సరేనని డాక్టర్‌గారే అనాలి, ఆయన తరఫున మీరు అనకండి. ఇవన్నీ చూశాక కూడా మీ సందర్భంలో నాకు నచ్చిన దారి ఇదే. మీకు తక్కువ సంపాదన వస్తుంది, నిజమే. కానీ ఆయనకు కావలసింది, మొదటి నుంచి కట్టడానికయ్యే పనిలో దాదాపు ఐదింట ఒక వంతు పనితోనే దొరుకుతుంది. ఆ సంగతి మీ నోటి నుంచే వింటే, మీరు డబ్బు కోసం కాదనలేదని ఆయనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మూడోది, పూర్తిగా ఆయన క్లినిక్‌కే తగ్గట్టు కట్టిన బుకింగ్. 42 గంటలు, మొదటి ధరలో 70 శాతం, సైట్ మొదలయ్యాక రెండో దశగా నాలుగు వారాలు. సగం డబ్బు ముందుగా. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఒక్కో చికిత్సకు ఒక్కో వ్యవధి లాంటి చిక్కులు ఉంటే ఇదే సరైనది కావచ్చు. పంటి శుభ్రతకు అరగంట చాలు, రూట్ కెనాల్‌కు అంతకు రెట్టింపు పైనే పట్టొచ్చు. సైట్ ఈ తేడా తెలియకుండా అన్నిటికీ ఒకే నిడివి ఇస్తే రోజంతా తలకిందులవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఆయన అడిగితేనే చెప్పండి. ఒప్పందంలో ఇంకా మొదలుపెట్టని పని ఏదైనా ఉంటే దాన్ని తీసేసి, అన్నే గంటల పనిని దాని స్థానంలో పెట్టొచ్చు. మీకు మిగిలింది 10 గంటలే కాబట్టి రెండో దారికి అది సరిపోవచ్చు. అయితే ఆ మిగిలిన పని లేకుండా సైట్ మొదలుపెట్టొచ్చా అన్నది ముందు చూసుకోండి. ఫోన్లలో సరిగ్గా కనబడుతుందో లేదో చూసే టెస్టింగ్‌ను తీసేసి దాని బదులు బుకింగ్ పెడితే ఇద్దరూ నష్టపోతారు.

ధర చెప్పే ముందు ఆయన్ను కొన్ని ప్రశ్నలు అడగడం మంచిది. మీరు అర్జెంటుగా ఆపరేషన్‌కు వెళ్లాల్సి వస్తే ఆ రోజు బుక్ చేసుకున్నవాళ్లకు ఎవరు చెప్పాలి? బుక్ చేసుకుని రానివాళ్లను ఏం చేద్దాం? ఫోన్‌లో అడిగినవాళ్ల టైమ్‌లు సైట్‌లోకి ఎవరు ఎక్కిస్తారు? ఒక్కో చికిత్సకు ఎంతసేపు పెట్టాలి? ఈ నాలుగు చాలు. వీటికి జవాబులు వెతుక్కుంటుంటే ఇది చిన్న పని కాదన్న సంగతి ఆయనకే తెలిసిపోతుంది, మీరు వాదించనక్కర్లేదు. పైగా మీరు తప్పించుకోవడానికి కాకుండా ఆయన క్లినిక్ గురించి ఆలోచించి మాట్లాడుతున్నారని కనబడుతుంది. నిజంగా జవాబు తెలుసుకోవడానికే అడగండి. కొన్నిసార్లు ఆ జవాబులతో పని తగ్గుతుంది కూడా. "నేనొక్కడినే, అన్నిటికీ అరగంట చాలు, సెలవు ఆదివారం ఒక్కటే" అన్నారంటే రెండో దారి అతికినట్టు సరిపోతుంది.

ఇక రాసి పంపాల్సిన సందేశం. నేనైతే ఇలా రాస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"డాక్టర్‌గారూ, నమస్కారం. పేషెంట్లు ఎప్పుడైనా వాళ్లంతట వాళ్లే టైమ్ తీసుకోగలగాలన్న మీ ఆలోచన బాగుంది. రిసెప్షన్‌లో ఫోన్ల ఒత్తిడి కూడా తగ్గుతుంది.

మన ఒప్పందంలో అపాయింట్‌మెంట్ ఫారం ఉంది. అందులో తేదీ, పూట, సమస్య అడిగే గడులు పెడుతున్నాను. అది సైట్‌తో పాటే వస్తుంది, అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. ఖాళీ టైమ్‌లు చూపించి అక్కడికక్కడే ఖాయం చేసే బుకింగ్ మాత్రం ఈ ఒప్పందంలో లేదు, ఇప్పటి ధరలో దాన్ని చేయలేను. దానికి రెండు దారులున్నాయి. తయారుగా ఉన్న బుకింగ్ సర్వీసును కలపడానికి 8 గంటల పని, నా ధర ఇంత, సర్వీసు రుసుము మీరు నేరుగా వాళ్లకు కట్టాలి. క్లినిక్ కోసమే ప్రత్యేకంగా కట్టాలంటే 42 గంటల పని, ధర ఇంత, సైట్ మొదలయ్యాక నాలుగు వారాలు. గంటల వివరం కింద ఇచ్చాను. నన్నడిగితే ముందు మొదటిదే చాలు.

ఏది ఎంచుకున్నా సైట్ అనుకున్న తేదీకే మొదలవుతుంది, బుకింగ్ ఆ తర్వాత కలుస్తుంది. శుక్రవారంలోగా చెబితే నా తేదీలు మీకోసం ఉంచుతాను. ఈలోగా మిగిలిన పని చేస్తూ ఉంటాను."

ఇందులో రెండు చోట్ల మీ చెయ్యి ఆగుతుందని నాకు తెలుసు. "ఇప్పటి ధరలో దాన్ని చేయలేను" అన్న వాక్యం దగ్గర మొదటిసారి ఆగుతుంది. దాన్ని తీసేసి "కొంచెం కష్టం సార్" అని రాయాలనిపిస్తుంది. తీసేయకండి. "కొంచెం కష్టం" అంటే కొంచెం బతిమాలితే అవుతుందని అర్థం. అలాగే "ఇప్పుడు టైమ్ లేదు" అని కూడా రాయకండి. టైమ్ దొరికిన రోజున ఉచితంగా చేస్తారని ఆయన ఎదురుచూస్తారు, అప్పుడు చెప్పడానికి మీ దగ్గర కారణం ఉండదు. రెండోసారి ధర రాసేచోట ఆగుతుంది. ధర పక్కన "మీరు ఎంతంటే అంత" అని చేర్చకండి. అంకె ఒక్కటే ఉండాలి. క్షమాపణలు కూడా వద్దు. మీరు తప్పేమీ చేయలేదు, నాలుగుసార్లు సారీ అని రాస్తే చేశారేమో అని ఆయనకు అనిపిస్తుంది.

సందేశం పంపిన గంటలోపు ఒకసారి ఫోన్ చేయండి. రాసింది చేతిలో ఉంటే ఫోన్ మంచిది, రాయకముందు ఫోన్ మంచిది కాదు. చదివితే కఠినంగా అనిపించే మాట గొంతులో వింటే మామూలుగా అనిపిస్తుంది. ఆయన ఏమనొచ్చు? "ఇంకొకరైతే ఇది కూడా కలిపి చేసేవాళ్లు" అనొచ్చు. దానికి వాదన వద్దు. "ఉండొచ్చు సార్. వాళ్లు రద్దు, సెలవులు, తర్వాత వచ్చే మరమ్మతులు అన్నీ కలిపి చెప్పారో లేదో ఒకసారి చూసుకోండి. అవన్నీ కలిపి తక్కువకు చేస్తే వాళ్లతో చేయించుకోండి, నా సైట్‌కు కలపడానికి వాళ్లకు కావలసిన వివరాలు నేనిస్తాను" అనండి. ఇది నిజంగానే అనండి, బెదిరింపులా కాదు. ఆయన వెళ్లినా దారి తెరిచే ఉంటుంది.

"ధర తగ్గించండి" అంటే పని తగ్గించండి, గంట ధర తగ్గించకండి. సందేశాలు ఇప్పుడు వద్దనుకుంటే 4 గంటలు తగ్గుతాయి, పేషెంటే రద్దు చేసుకోవడం తర్వాత చూద్దామంటే ఇంకో 4 తగ్గుతాయి. అనుకోనివాటికి కలిపిన వాటాతో సహా 42 కాస్తా 32, 33 అవుతుంది. ఊరికే 10 శాతం తగ్గిస్తే మాత్రం మొదట చెప్పిన ధరలో అంత గాలి ఉందని మీరే ఒప్పుకున్నట్టు.

"నేను మీకు ఇద్దరిని పంపాను కదమ్మా" అంటారేమో అన్నది మీ అసలు భయం అనుకుంటాను. ఆ మాటకు విలువ ఉంది, కొట్టిపారేయకండి. కానీ ఆయన వాళ్లను పంపింది మీ పని నచ్చి, మీ దగ్గర 42 గంటలు కొనడానికి కాదు. కృతజ్ఞత చూపాలనిపిస్తే హద్దున్నది ఏదైనా ఇవ్వండి. బుకింగ్ సర్వీసు పెట్టాక నెల రోజుల పాటు రిసెప్షన్ వాళ్ల సందేహాలకు ఫోన్‌లో ఉచితంగా సాయం చేస్తానని చెప్పొచ్చు. మొదలెప్పుడో, ముగింపెప్పుడో తెలుస్తుంది కాబట్టి అది బహుమతిగానే మిగులుతుంది. ఇన్‌వాయిస్‌లో కూడా దాన్ని ఒక వరుసగా రాసి, దాని మామూలు ధర వేసి, ఎదురుగా పూర్తి తగ్గింపు చూపించండి.

ఫొటో గ్యాలరీ విషయంలో చేయాల్సింది అదే. చేసేశాక దానికి డబ్బు అడగడం సరికాదు, ఈ మాటల్లో "గ్యాలరీ కూడా ఊరికే చేశాను" అని ఎత్తడమూ వద్దు, అది దెప్పినట్టు ఉంటుంది. చివరి ఇన్‌వాయిస్‌లో "ఫొటో గ్యాలరీ, ఒప్పందానికి అదనం, రుసుము లేదు" అని ఒక వరుస చాలు. ఇంతకాలం అది అదనమని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. బుకింగ్‌ను అంత తేలిగ్గా అడగడానికి అది కూడా ఒక కారణం కావొచ్చు.

ఆయన శుక్రవారం దాకా ఏమీ చెప్పకపోతే కంగారు పడకండి, పని ఆపకండి. అలిగినట్టు ఆపితే ఒప్పందం మీరే తప్పినట్టవుతుంది. సోమవారం ఒక వాక్యం పంపండి: "బుకింగ్ గురించి నిర్ణయం తర్వాత తీసుకున్నా ఇబ్బంది లేదు సార్, సైట్ మాత్రం తేదీకి సిద్ధమవుతుంది." ఆయన "ఎంత అవుతుంది, ఎప్పటికి అవుతుంది" అని అడుగుతున్నారంటే మనసులో ఏమీ పెట్టుకోలేదనే అర్థం. ఫోన్‌లో "సరే కానివ్వండి" అంటే వెంటనే మొదలుపెట్టకండి. ఏ దారి, ఏ ధర అన్నది ఒక్క లైనులో ఆయన మెయిల్ నుంచి రానివ్వండి, అడ్వాన్స్ కూడా రానివ్వండి.

ఇప్పుడు ఆ 40 శాతం. సందేశంలోని గంటల వివరం కింద ఈ మాట చేర్చండి: "మొదటి ఒప్పందంలోని ఆరు పేజీలు, అపాయింట్‌మెంట్ ఫారం మీరు చూసి సరేనన్న రోజున ఆ పని పూర్తయినట్టు. మిగిలిన 40 శాతం అప్పుడు ఇవ్వాలి. బుకింగ్‌కు వేరే కొటేషన్, వేరే చెల్లింపు." ఇది లేకుండా మూడో దారికి ఆయన ఒప్పుకున్నా మీకు నష్టమే, ఎందుకంటే బుకింగ్‌లో చివరి చిన్న మార్పు అయ్యేదాకా పాత డబ్బు కూడా రాదు. సైట్ సిద్ధమైన రోజు పేజీల జాబితా పంపి, ఒక్కోదాని పక్కన సరేనా కాదా అని రాసి తిప్పి పంపమని అడగండి. అందులో ఏదైనా నిజంగా పాడైతే, ఫారం నింపినా మెయిల్ రాకపోవడం లాంటివి ఉంటే, డబ్బు మాట ఎత్తకుండా సరిచేయండి. అది మీ బాధ్యత. జాబితాలో లేనిది ఆయన అక్కడ కొత్తగా రాస్తే దాన్ని రెండో దశ కొటేషన్‌లోకి మార్చి, "దీన్ని అక్కడ చేర్చాను సార్" అని అదే రోజు చెప్పండి.